ఎలక్ట్రానిక్ తంబురా రివ్యూ: పట్టి నిలిపిన గాంధారం ఎందుకు వణుకుతుంది?

అందరికీ నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నా. ముందే చెప్పాల్సింది చెప్పేస్తా. ఈ ఎలక్ట్రానిక్ తంబురా పెట్టె తయారుచేసినవాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులేం ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. దీని బరువెంత, బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, ఎన్ని శ్రుతులున్నాయి అనేవి మీరు ఇప్పటికే చూసుంటారు, అవి వదిలేద్దాం. ధ్యానానికి వినే నెమ్మది వాద్య సంగీతం కింద దీన్ని నిలబెట్టొచ్చా లేదా, అదొక్కటే చూద్దాం.

కచేరీలో తంబురా కొంచెం అటూ ఇటూ ఉన్నా మృదంగం, గమకాలు కప్పేస్తాయి. నెమ్మది పాటలో అలా కప్పేది ఏదీ ఉండదు. ఒక స్వరాన్ని ఆరు సెకన్లు, ఎనిమిది సెకన్లు అలాగే నిలుపుతాం. అంతసేపూ కింద శ్రుతి, పైన స్వరం ఒకదాన్నొకటి ఒరుసుకుంటూనే ఉంటాయి. తేడా ఉంటే చెవికి తప్పించుకునే దారి లేదు.

అందుకే ఈ పెట్టెలో నాకు బాగా నచ్చింది ఒకటే. నాలుగు తీగలకీ విడివిడిగా సన్నపు శ్రుతి సవరణ ఇచ్చారు, ఒక్కో సెంటు చొప్పున. సెంటంటే పొలం సెంటు కాదు. హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఒకటి. పాత తరం పెట్టెలు కొన్నింటిలో మొత్తం శ్రుతిని కలిపి తిప్పే మర ఒక్కటే ఉండేది. తీగకు తీగ సవరించే వీలు లేక, పంచమం కాస్త పక్కకి ఉంటే అలాగే భరించాల్సొచ్చేది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు శ్రుతి, అంటే షడ్జం `D` మీద, మోహన రాగం, కీబోర్డు మీద వేణువు శబ్దంతో ఎనిమిది నిమిషాల వాద్యం అనుకోండి. పెట్టెని పా, సా, సా, మంద్ర సా అని పెట్టండి. మధ్య షడ్జం 293.66 హెర్ట్జ్, మంద్ర షడ్జం 146.83. ఇప్పుడు కీబోర్డు మీద పై స్థాయి గాంధారం నొక్కి పట్టుకోండి. మొదటి సెకనులోనే ఒక వణుకు వినిపిస్తుంది, సెకనుకి దాదాపు ఆరుసార్లు. చాలామంది దీన్ని స్పీకర్ లోపం అనుకుంటారు, లేదంటే రెవెర్బ్ ఎక్కువైందని తగ్గిస్తారు. రెండూ కాదు.

మంద్ర షడ్జం మోగినప్పుడు దాని లోపలి నుంచి ఐదు రెట్లు పైన ఒక స్వరం దానంతటదే పలుకుతుంది. పెద్దలు స్వయంభూ గాంధారం అనేది దీన్నే. 146.83ని ఐదుతో గుణిస్తే 734.15. కీబోర్డు గాంధారమేమో 739.99 దగ్గర ఉంటుంది, అన్ని మెట్లూ సమానంగా పంచి శ్రుతి చేశారు కాబట్టి. ఈ రెండింటి తేడా 5.84. మీ చెవిలో పడే ఆ వణుకు అదే. గాంధారం తంబురాకి 14 సెంట్లు ఎక్కువుందన్నమాట.

సవరించాల్సింది తంబురాని కాదు, కీబోర్డుని. మెనూలో `Scale Tune` ఉంటే గాంధారం మెట్టుని, అంటే రెండు శ్రుతిలో `F#`ని, -14కి దించండి. పట్టి చూడండి, వణుకు పోయి రెండు శబ్దాలూ ఒకటిగా కలిసిపోతాయి. వేణువు విద్వాంసులైతే ఊదేటప్పుడే ఆ చోటికి దించేస్తారు, వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. వీణలో మెట్లు మైనంలో కూర్చునుంటాయి, తీగ లాగితే స్వరం పెరుగుతుందే గానీ తగ్గదు. కాబట్టి వీణతో రికార్డు చేసేవాళ్లు గాంధారం మెట్టు ఎక్కడుందో తంబురా పెట్టుకుని ముందే చూసుకోవాలి.

పంచమానికీ ఇదే సంగతి. శుద్ధమైన పంచమం షడ్జానికి 702 సెంట్ల పైన ఉంటుంది, కీబోర్డుది 700. ఈ పెట్టె ఫ్యాక్టరీ నుంచి 700 మీద వచ్చింది, అది నాకు నచ్చలేదు. తంబురా పేరు పెట్టి కీబోర్డు పంచమం ఇవ్వడమేంటి? రెండు సెంట్లు పెంచితే సెకనుకొకసారి వచ్చే ఊగు ఆగిపోతుంది.

హిందోళం వాయించాలంటే లెక్క మారుతుంది. అందులో పంచమం లేదు, కాబట్టి మొదటి తీగని మధ్యమానికి మార్చాలి. అది అందరికీ తెలిసిందే. తెలియనిది ఇంకోటుంది. హిందోళంలో ఒక మెట్టు కిందిదైన సాధారణ గాంధారం ఉంటుంది, తంబురా లోపల మాత్రం అంతర గాంధారం పలుకుతూనే ఉంటుంది. సాధారణ గాంధారం మీద ఎక్కువసేపు నిలిస్తే ఏదో మసక కమ్మినట్టు ఉంటుంది. అలాంటప్పుడు తంబురా ట్రాక్ మీద ఈక్వలైజర్ పెట్టి, 734 దగ్గర, 1468 దగ్గర సన్నగా ఆరు డెసిబెల్స్ తగ్గించండి. అంతకన్నా లోతుగా కోస్తే తంబురా జీవం పోయి ఈగ మోతలా మిగులుతుంది. ఈ అంకెలు రెండు శ్రుతికి. శ్రుతి మారితే మంద్ర షడ్జాన్ని ఐదుతో, పదితో గుణించుకోండి.

ఇక కోపం తెప్పించే విషయం. ఈ పెట్టె శబ్దం నిజమైన తంబురా రికార్డింగే, బాగుంది. కానీ దాన్ని పన్నెండు సెకన్ల ముక్క చేసి తిప్పుతున్నారు. అతుకు దగ్గర మంద్ర తీగ కార్వ పూర్తిగా ఆరకముందే తెగిపోతుంది, చిన్న టిక్కు పడుతుంది. గదిలో స్పీకర్ మీద తెలియదు. హెడ్‌ఫోన్‌లో కళ్లు మూసుకుని వినండి, నాలుగోసారి వచ్చేసరికి మనసు దానికోసమే ఎదురుచూస్తుంది. ధ్యానానికి చేసే సంగీతంలో ఇంతకన్నా చెడ్డ తప్పు లేదు. అసలు తంబురాలో తీగలు ఆనే గుర్రం మీద, తీగ కింద జీవ నూలు పోగు పెట్టి, ఒక్కో మీటుకి నాదం మెల్లగా విచ్చుకుని ఆరిపోయేలా చేస్తారు. ఆ ఆరడాన్నే ఇక్కడ కత్తిరించేశారు.

తప్పించుకునే దారి ఉంది. తంబురాని రెండుసార్లు, మొత్తం ఎనిమిది నిమిషాలూ రికార్డు చేయండి. రెండోదాన్ని ఆరు సెకన్లు ఆలస్యంగా మొదలుపెట్టండి. అప్పుడు ఒకదాని అతుకు మీద రెండోదాని నిండు నాదం పడుతుంది. రెండోదాని తీగలన్నీ రెండు సెంట్లు పెంచితే మధ్య షడ్జం మీద మూడు సెకన్లకొకసారి మెల్లని అల వస్తుంది, బాగుంటుంది. ఐదు సెంట్లు పెంచితే అది సెకనుకొకటిగా మారి శ్రుతి తప్పినట్టు ఉంటుంది. ఒకదాన్ని కొంచెం ఎడమకి, ఇంకోదాన్ని కొంచెం కుడికి జరపండి, పూర్తిగా చివరలకి కాదు.

స్థాయి సంగతి కూడా చెప్తా. పాట శిఖరాలు -6 డెసిబెల్స్ దగ్గర ఉంటే తంబురా -20 చుట్టూ చాలు. పాట నడుస్తున్నప్పుడు తంబురా ఉందని గుర్తు రాకూడదు, పాట ఆగిన చోట అదే గది అంతా నిండాలి.

ఐదు శ్రుతిలో చేసేవాళ్లు ఇది వినండి. అక్కడ మంద్ర షడ్జం 98 హెర్ట్జ్. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అడాప్టర్ హమ్ 100 దగ్గర వస్తుంది. రెండూ కలిసి సెకనుకి రెండుసార్లు ఊగుతాయి. మన ఎండల్లో ఫ్యాను ఆపి రికార్డు చేయడమే కష్టం, ఆపినా ఈ ఊగు పోకపోతే అడాప్టర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. ఈ పెట్టెతో వచ్చిన అడాప్టర్‌తో హమ్ స్పష్టంగా ఉంది, బ్యాటరీ మీద అసలు లేదు.

కొనొచ్చా అంటే, రికార్డింగ్ చేసేవాళ్లు కొనండి. తీగ తీగకీ సవరణ ఉండటం కోసమే నేను అవుననేస్తున్నా. పక్కన పెట్టుకుని సాధన చేసేవాళ్లకి మాత్రం ఆ అతుకు రోజూ గంటసేపు వినాల్సొస్తుంది, రెండో ట్రాక్ వేసుకునే వీలుండదు. వాళ్లకి వద్దనే చెప్తా, ఆ ముక్కని నిమిషానికి పెంచి కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చేదాకా.