ఈ వీట్యూబర్ బొమ్మ వెనక ఎవరున్నారో చెప్పగలరా? | లైవ్ టూడీ మోడల్ రివ్యూ

అందరికీ నమస్కారమండీ. ముందుగా ఒక మాట. వీట్యూబర్ అంటే తన ముఖం చూపించకుండా, తన కదలికలతో ఆడే బొమ్మతో వీడియోలు చేసేవాళ్లు. నేను వాడుతున్న అలాంటి బొమ్మే ఈ మోడల్. దీన్ని మన విజయవాడలోనే ఉండే ఒక రిగ్గర్, అంటే బొమ్మకి కదలికలు అమర్చేవాళ్లు, నాకు ఉచితంగా ఇచ్చారు. డబ్బేమీ తీసుకోలేదు, వీడియో ముందుగా వాళ్లకి చూపించలేదు. ధర, లేయర్లు, ఎక్స్‌ప్రెషన్లు వాళ్ల పేజీలోనే ఉన్నాయి కాబట్టి అవి మళ్లీ చదవను. నేను మాట్లాడాలనుకున్నది వేరే విషయం.

ఈ మోడల్‌తో లైవ్ పెట్టిన రోజు నుంచి కామెంట్లలో ఒకటే గోల. "ఇది ఫలానా యాంకర్ కదా, తల ఊపే తీరు చూస్తే తెలుస్తోంది" అని ఒకరు, "కాదు, ఫలానా ఛానల్ అమ్మాయి" అని ఇంకొకరు. నాకు నిజంగా కోపం వచ్చింది. ఎందుకంటే వాళ్లు చూస్తున్న తలలో ఆ మనిషి తల చాలా తక్కువ ఉంటుంది.

స్క్రీన్ మీద చూడండి, నా కదలికల్ని బొమ్మకి అందించే సాఫ్ట్‌వేర్ ఇదే, వీట్యూబ్ స్టూడియో. ఇవి దాని సెట్టింగ్స్. ఫోన్ కెమెరా నా ముఖాన్ని చూస్తుంది కానీ మోడల్‌కి ముఖం పంపదు, అంకెలు మాత్రమే పంపుతుంది. ఎడమ కన్ను ఎంత తెరుచుకుంది అనేది `ParamEyeLOpen`. మామూలుగా సున్నా అంటే మూత, ఒకటి అంటే తెరిచినట్టు. నా కళ్లు చిన్నవి, మా వదిన కళ్లు పెద్దవి. సెట్టింగ్స్‌లో ఎవరి ముఖానికి తగ్గట్టు వాళ్ల రేంజ్ సరిచేసుకున్నాక ఇద్దరికీ ఒకటే వస్తుంది. అంటే కంటి సైజు అక్కడే చెరిగిపోయింది. ఆ కింద స్మూతింగ్ ఉంది. అది పెంచితే చిన్న చిన్న వణుకులు, చటుక్కున తిప్పే తల, అన్నీ మెత్తబడతాయి. ఆటో బ్లింక్ ఆన్ చేస్తే రెప్ప కూడా నాది కాదు, సాఫ్ట్‌వేర్‌ది. ఊపిరికీ అలాంటి ఆప్షనే ఉంది. జుట్టు ఊగడం, చెవిపోగులు ఆడటం రిగ్గర్ పెట్టిన ఫిజిక్స్. "ఆ ఊపు ఆ అమ్మాయిదే" అని మీరు రాసిన ఊపులో సగం పైగా రిగ్గర్ చేతి పని.

ఇక్కడ రెండు క్లిప్‌లు పక్కపక్కనే పెట్టాను. గొంతు రెండింటిలోనూ నాదే, ఒకటే రికార్డింగ్. ఒకదానిలో ఫోన్ ముందు నేను కూర్చున్నాను. రెండోదానిలో గుంటూరు నుంచి వచ్చిన మా వదిన హెడ్‌ఫోన్స్‌లో నా మాటలు వింటూ తల కదిపారు. నోరు రెండింటిలోనూ మైక్ శబ్దం బట్టే తెరుచుకునేలా పెట్టాను. వీడియో ఆపి చూసుకోండి, తొందరేం లేదు.

ఎడమవైపు వదిన. నేను ఎలా గుర్తుపడతానంటే, ఆవిడ వినేటప్పుడు తల పక్కకి వాలుస్తారు. తల పక్కకి ఎంత వాలిందో చెప్పే అంకె `ParamAngleZ` చివరిదాకా వెళ్లి అక్కడే ఆగిపోతుంది. కానీ గమనించండి, నాకు ముందే తెలుసు, ఉన్నది ఇద్దరే అని, ఆ ఇద్దరూ ఎవరో అని. మీకు తెలిసింది తల వాలుతోందని మాత్రమే. తల వాల్చేవాళ్లు బెంజ్ సర్కిల్‌లో ఒక్క సిగ్నల్ దగ్గరే ఎంతమంది ఉంటారు! ఇద్దరిలో ఎవరో తేల్చడం వేరు, ఊరందరిలోంచి ఒక పేరు తీయడం వేరు.

"సరే, గొంతు ఉంది కదా" అంటారు. అవును, ఏదైనా ఆధారం మిగిలితే అదే. కానీ పాత్ర కోసం పిచ్ పెంచి మాట్లాడతారు, పైన గొంతు తీరుని మార్చే ఈక్యూ, కంప్రెసర్ వేస్తారు. కిజునా ఐ గుర్తుందా? 2016లో మొదలైన జపాన్ వీట్యూబర్, వీట్యూబర్ అన్న మాటకి పేరు తెచ్చింది ఆవిడే. 2019లో అదే బొమ్మతో వేరే గొంతులు కనిపించాయి. అభిమానులు గొంతు మారిందని పట్టేశారు. కానీ మారింది అని తెలియడం ఒకటి, ఎవరు అని తెలియడం ఇంకొకటి. మొదటి గొంతు కసుగా నోజోమి అని 2020లో కంపెనీ ప్రకటించింది. అంతకుముందు ఆ పేరు ఊహించినవాళ్లు ఉన్నారు, వాళ్ల ఊహ కలిసింది కూడా. అయినా అది రూఢి అయింది ప్రకటనతోనే.

మా కామెంట్లలో చెప్పిన యాంకర్ గారికి ఈ ఛానల్‌తో ఏ సంబంధమూ లేదు. అయినా ఆవిడ పేజీకి వెళ్లి "మీరేనా" అని అడిగారు కొందరు. దయచేసి అలా చేయొద్దు. నడిపేవాళ్లే చెప్పేదాకా ఆ పేరు ఊహే.

ఇక మోడల్ మాట. నాకు బాగా నచ్చింది. తల తిప్పినప్పుడు బుగ్గ అంచు ఎక్కడా చిరగలేదు, నేను ఇంతకుముందు వాడిన చవక మోడల్‌లో ముక్కు పక్కన గీత కనిపించేది. ఒక్క లోపం చెప్పాలి. "ఊ" అన్నప్పుడు పెదవులు ముందుకు రావడం లేదు, "ఆ"లాగే తెరుచుకుంటోంది. తెలుగులో "ఊరు", "పూలు", "చూడు" అన్నీ దెబ్బతింటున్నాయి. రిగ్గర్‌కి చెప్పాను, సరిచేస్తామన్నారు. అది సరిచేస్తే కొనమని చెప్తాను, లేకపోతే తెలుగు లైవ్‌లకి వద్దు.