జూనియర్‌కు తప్పు చెప్పే మెయిల్ ఎలా రాయాలి?

[స్క్రీన్ మీద మెయిల్ డ్రాఫ్ట్]

"ఎప్పుడూ ఇదే నిర్లక్ష్యం. ఒక్క షీట్ కూడా సరిగా చేయవా?" సీసీలో ఓనర్ సార్.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూసేటప్పుడు, రాత్రి పదిన్నరకు నేను రాసిన మెయిల్ ఇది. పంపలేదు.

అసలు జరిగింది ఏమిటంటే, రైతుల ట్రాక్టర్లు వరుసకట్టే వడ్ల సీజన్ అది. కొత్తగా చేరిన అబ్బాయి ట్రాక్టర్ నంబర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టాడు. అప్పుడు ఎక్సెల్ ఒక బాక్స్ చూపిస్తుంది.

[స్క్రీన్ మీద: Expand the selection / Continue with the current selection]

అతను రెండోది నొక్కాడు. నంబర్లు వరుసలోకి వచ్చాయి, తూకాలు మాత్రం పాత చోటే ఉండిపోయాయి. ఒకరి ట్రాక్టర్ పక్కన ఇంకొకరి వడ్లు. కాటా చీటీ పక్కన పెట్టి చూస్తే గానీ తెలియదు.

నా డ్రాఫ్ట్ మళ్లీ చదవండి. ఏ వరుస తప్పో అందులో ఉందా? లేదు. ఓనర్ సీసీలో ఉంటే ఆ పిల్లాడు తనను తాను కాపాడుకోవడానికే జవాబు రాస్తాడు. నాకు కావాల్సింది మాత్రం ఆ తప్పు ఎలా జరిగిందో తెలియడం. మర్నాడు పొద్దున అతనికి ఒక్కడికే ఇలా రాశాను.

[స్క్రీన్ మీద రెండో మెయిల్]

"సబ్జెక్ట్: మంగళవారం ట్రాక్టర్ల షీట్, తూకాలు సరిచూడాలి

తమ్ముడూ, 7వ వరుస చూడు. చీటీలో 58 క్వింటాళ్లు, షీట్‌లో 71. మొత్తం టోటల్ సరిపోయింది, అందుకే నీకు అనుమానం వచ్చి ఉండదు. నంబర్ల కాలమ్ ఒక్కటే సార్ట్ అయిందనుకుంటున్నా. నువ్వు ఎలా చేశావో రాయి. ఇలాగే పేమెంట్ వేస్తే ఒక రైతు డబ్బు ఇంకో రైతుకు పోతుంది కాబట్టి ఆపాను. చీటీలు నువ్వు తేదీవారీగా గుచ్చి పెట్టడం వల్లే పది నిమిషాల్లో పట్టుకోగలిగా. వాటిని చూసి సాయంత్రం 4 లోపు సరిచేసి పంపు. సార్ట్ దగ్గర ఇబ్బంది అయితే 12కి రా, కలిసి చేద్దాం."

చీటీల మాట గమనించండి. "నువ్వు బాగానే చేస్తావు కానీ" అని మొదలుపెడితే ఎదుటివాళ్లకు ఆ "కానీ" తర్వాతదే వినపడుతుంది. చీటీలు గుచ్చడం నిజంగా చేసిన పని, ఈ తప్పు దొరకడానికి పనికొచ్చిన పని. అలాంటిది ఏదీ లేకపోతే పొగడ్త రాయకండి, అతికించినట్టు తెలిసిపోతుంది.

జవాబుగా "సారీ అక్కా" అని మాత్రమే వస్తే భయపడ్డాడని అర్థం. అప్పుడు ఇంకో మెయిల్ రాయకుండా పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. అదే తప్పు మూడోసారి జరిగినా అంతే, అది మెయిల్‌లో తేలే విషయం కాదు.

నాకు వచ్చిన జవాబు ఇది: "అక్కా, ఆ బాక్స్ వస్తే ప్రతిసారీ రెండోదే నొక్కుతున్నా. సోమవారం షీట్ కూడా చూడాలి."

సోమవారం షీట్ తీశాం. అందులోనూ తూకాలు తారుమారయ్యాయి.