మూత్రం మంట అని మందులు మింగే ముందు నా మాట వినండి

అందరికీ నమస్కారం. స్టేజీ మీద పెద్దలున్నారు, పేరుపేరునా చెప్పాలి గానీ భోజనాల టైమ్ అవతా ఉంది, నేరుగా విషయంలోకి వస్తా. సంఘం లీడరు రక్తహీనత మీద మాట్లాడమన్నారు. ఆ మాట రెండు నిమిషాల్లో చెప్పేస్తా, ముందు మా అక్క సంగతి చెప్పాలి.

మా అక్కది కావలి పక్కన పల్లె. నలభై ఏళ్ళప్పుడు ఒంటికి పోతే మంట మొదలైంది. వేడి చేసిందన్నారు, బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, మజ్జిగ, అన్నీ తాగింది. నేను ముప్పై ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని, నేనూ అదే చెప్పా, నీళ్ళు బాగా తాగక్కా అని. అడగాల్సినవి అడగలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆరేళ్ళు తిరిగింది. ప్రతిసారీ యాంటీబయాటిక్ కోర్సు, మూత్రం కల్చర్ పంపితే రిపోర్టులో నో గ్రోత్ అని వస్తది, అంటే క్రిమి పెరగలేదు అని. అయినా మళ్ళీ ఇంకో యాంటీబయాటిక్. ఆఖరికి ఒక పెద్ద డాక్టరు, ఏమీ లేదమ్మా మనసులో దిగులు పెట్టుకున్నావు అన్నాడంట. ఆ రోజు ఆటోలో కూర్చోని ఏడ్చింది మా అక్క.

ఒకసారి మా ఇంటికొచ్చినప్పుడు బాత్రూమ్ నుంచి వచ్చి చీర మార్చుకుంటా ఉంది. ఏందక్కా అంటే నడుము దగ్గర దోపుకున్న పాత గుడ్డ ముక్క తీసి చూపించింది. ఒంటికి పోయి లేచి రెండడుగులు వేస్తే చుక్కలు పడతాయంట, ఆ గుడ్డ తడిగా ఉంది. అప్పుడు గుచ్చి గుచ్చి అడిగా. మంట ఒకటి, ఈ చుక్కలు ఒకటి, భర్తతో కలిస్తే ప్రాణం పోయేంత నొప్పి ఒకటి. ఈ మూడో మాట ఆరేళ్ళుగా ఒక్కరికీ చెప్పలేదు. ఎవురూ అడగనూ లేదు.

ఆ మూడూ కలిస్తే ఒక జబ్బును అనుమానించాలి, యురెత్రల్ డైవర్టిక్యులమ్. అందరికీ మూడూ ఉండవు, ఒక్కటే ఉండొచ్చు కూడా. మన ఆడోళ్ళకి మూత్రం దారి నాలుగు సెంటీమీటర్లే, దాన్ని ఆనుకొని చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి. ఒక గ్రంథి మూసుకుపోయి చీము పట్టి, అది దారి లోపలికే పగిలితే అక్కడ సంచి మిగులుద్ది. మూత్రం పోసినప్పుడల్లా ఆ సంచిలో కొంచెం చేరి, లేచినాక బయటికొస్తది. నిలవున్న మూత్రం కాబట్టి కొందరికి ఇన్ఫెక్షన్ వచ్చి పోతా ఉంటది, కొందరికి కల్చర్‌లో ఏమీ రాదు, ముందే మందు వేసుకోనుంటే క్రిమి ఉన్నా రాకపోవచ్చు. అందుకే శాంపిల్ ఇచ్చినాకే మాత్ర వేసుకోండమ్మా.

పట్టుకునేది ఎట్టాగంటే, లేడీ డాక్టరు యోని ముందు గోడ మీద వేలు పెట్టి లోపలి నుంచి బయటికి మెల్లగా ఒత్తుతూ వస్తది. అక్కకి ఆ ఒత్తుడుకి మూత్రం దారి నుంచి చీము చుక్క వచ్చింది. ఆరేళ్ళలో మొదటిసారి అట్టా చూసింది ఆ డాక్టరమ్మ! తర్వాత ఎంఆర్ఐ తీస్తే గోళీకాయంత సంచి కనపడింది. ఒత్తితే ఏమీ రాకపోయినా సంచి లేదని కాదు, అనుమానముంటే ఎంఆర్ఐ చూడాల్సిందే. గడ్డ గట్టిగా ఉన్నా రక్తం పడతా ఉన్నా అసలు ఆలస్యం చెయ్యొద్దు, అరుదే గానీ ఆ సంచిలో రాయి, క్యాన్సర్ కూడా రావొచ్చు.

ఆపరేషన్ యోని వైపు నుంచే చేసి సంచి తీసి దారి కుట్టారు. మూడు వారాలు ట్యూబు పెట్టుకోనే ఉంది, అది ముందే తీస్తే కుట్టు విడిపోయి మూత్రం యోనిలోకి వచ్చే చిల్లు పడొచ్చు. తర్వాత కొన్నాళ్ళు దగ్గితే మూత్రం పడేది, అది కొందరికి వస్తదని ముందే చెప్పారు. మంట మాత్రం పోయింది.

వెనక కూర్చున్న అమ్మలూ, మంట ఉన్న అందరికీ సంచే ఉండదు, భయపడబాకండి. సంచీ లేదు, క్రిమీ లేదు, సుఖవ్యాధి టెస్టులు కూడా చేసినాక ఏమీ దొరకలేదు, అయినా మంట ఉంటే అప్పుడు యురెత్రల్ సిండ్రోమ్ అంటారు. అది కారణం చెప్పే పేరు కాదు, మిగతావి తీసేసినాక మిగిలే పేరు. ముట్లు ఆగినోళ్ళకి లోపల ఎండిపోయి మంట రావొచ్చు, డాక్టరు ఇచ్చే ఈస్ట్రోజెన్ క్రీము కొంచెం రాస్తే చాలామందికి తగ్గుద్ది. కొందరికి కింద కండరాలు బిగుసుకోనుంటాయి, ఫిజియోథెరపీలో వాటిని వదులు చెయ్యడం నేర్పిస్తారు. డెటాల్, సబ్బు పెట్టి కడిగేది మాత్రం మానండి, ఉత్త నీళ్ళే చాలు.

రక్తహీనత మాటకి టైమ్ లేదు, లీడరమ్మా ఏమనుకోబాక. గుడ్డ పెట్టుకోని తిరిగేవాళ్ళు ఎవురైనా ఉంటే ఇక్కడ చెప్పొద్దు, అన్నాలు తిన్నాక ట్యాంకు పక్కన వేపచెట్టు కింద కూర్చోనుంటా, రండి.