ఒకే డాకెట్ మీద మూడు ఫోన్లు

అందరికీ నమస్కారం.

కొరియర్ బ్రాంచిలో పనిచేసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. పార్సెల్ ఎక్కడుందని అడిగే ఫోన్లే ఎక్కువ వస్తాయని మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నేను మాట్లాడాలనుకున్నది ఒకే మనిషి, ఒకే డాకెట్ నంబరు, అంటే ఒకే పార్సెల్ రసీదు నంబరు పట్టుకుని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చేసే ఫోన్ల గురించి. మొదటిసారి చేసినప్పుడు ఏదో తెలుసుకోవాలని చేస్తారు. రెండోసారి చేశారంటే మనం చెప్పింది వాళ్లకు పనికిరాలేదన్నమాట. వెబ్‌సైట్‌లో జనం ప్రశ్నలకు జవాబులిచ్చే సహాయం పేజీ పని ఆ రెండో ఫోన్ దగ్గర మొదలవ్వాలి.

మామూలుగా అలా మొదలవ్వదు. మేనేజరూ వెబ్‌సైట్ చేసే అబ్బాయీ కూర్చుని, తమకు తోచిన ముప్ఫై ప్రశ్నలు రాసేస్తారు. 'మీ సేవల పరిధి ఏమిటి?' అన్నది అందులో మొదటిది. ఆ మాటలతో ఫోన్ చేసి అడిగిన మనిషి నాకింతవరకు తగల్లేదు.

దానికి బదులు ఫోనెత్తే టేబుల్ మీద రెండు వారాలు ఒక రిజిస్టరు పెట్టండి. మూడు గడులు చాలు: డాకెట్ నంబరు, అడిగినవాళ్ల మాట ఉన్నదున్నట్టుగా, ఆ నిమిషంలో ట్రాకింగ్‌లో కనిపిస్తున్న స్టేటస్. చాలామంది ఆ మూడో గడి వదిలేస్తారు. కీలకమంతా అక్కడే ఉంటుంది. డాకెట్ల వారీగా సర్ది చూస్తే, ఏ స్టేటస్ చూసి జనం మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తున్నారో ఇట్టే తెలిసిపోతుంది.

ఒకటి తీసుకుందాం: 'ఔట్ ఫర్ డెలివరీ'. పొద్దున బ్రాంచిలో డెలివరీ బాయ్ పేరు మీద రన్‌షీట్, అంటే ఆ రోజు అతను ఇవ్వాల్సిన పార్సెళ్ల జాబితా వేస్తారు. షీట్ వెయ్యగానే అందులోని పార్సెళ్లన్నిటికీ ఒక్కసారే ఈ స్టేటస్ పడుతుంది. మొదటి ఇంటికీ అదే, అరవయ్యో ఇంటికీ అదే. తొమ్మిదిన్నరకు మెసేజ్ చూసుకున్న మనిషి, బండి నేరుగా తన ఇంటికే బయలుదేరిందనుకుంటాడు. పదకొండుకు ఫోన్ చేస్తాడు. 'వచ్చేస్తుంది సార్' అంటాం. ఎప్పటికో చెప్పలేదు కాబట్టి మూడింటికి మళ్లీ చేస్తాడు. అందులో ఆయన తప్పేముంది?

ఇక్కడ రాయాల్సిన జవాబు ఇలా ఉండాలి: 'మీ పార్సెల్ ఈ రోజు డెలివరీ బాయ్ చేతికి వచ్చింది. వరుసగా ఇళ్లు తిరుగుతూ వస్తారు కాబట్టి రాత్రి 8 లోపు ఎప్పుడైనా రావచ్చు. ఇంట్లో ఉండకపోతే, రేపటికి మార్చుకోవడానికి ఇక్కడ నొక్కండి. 8 దాటినా రాకపోతే, మళ్లీ ఎప్పుడు తెస్తామో 9 గంటలకు ఇదే పేజీలో కనిపిస్తుంది.' స్టేటస్‌కు అర్థమేమిటో, ఎంతవరకు ఆగాలో, ఈలోపు తను చేసుకోగలిగిందేమిటో, రాకపోతే ఏమవుతుందో అన్నీ వచ్చేశాయి. ఇందులో ఎంతవరకు ఆగాలన్నది లేకపోతే మిగతా మూడూ ఉన్నా ఫోన్ ఆగదు.

ఆ 8 ఎక్కడి నుంచి వచ్చింది? నెల రోజుల రన్‌షీట్లు తీసి, ఆఖరి డెలివరీ ఎన్నింటికి పడిందో చూస్తే వస్తుంది. మేనేజరు 'సాయంత్రం ఆరుకల్లా అయిపోతుందండీ' అంటే నమ్మి 6 అని రాశారో, ఆరుంపావుకు ఫోన్లు మోగుతాయి. ఒక్కో బ్రాంచికి ఒక్కో టైము వస్తే అలాగే వెయ్యండి. అందరికీ ఒకే టైము పెట్టి సగం మందికి అబద్ధం చెప్పకండి.

ఈ జవాబు ప్రశ్నల జాబితాలో పదిహేడోదిగా ఉంటే ఎవరూ చదవరు. ట్రాకింగ్ పేజీలో ఆ స్టేటస్ కిందనే రావాలి. జనం చూసేది దాన్నే.

రాతతో తీరనివీ ఉన్నాయి. రాత్రి బ్రాంచికి తిరిగొచ్చాక, మిగిలిపోయిన పార్సెళ్లన్నిటికీ కట్టగట్టి 'డోర్ లాక్డ్' కొట్టేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. రోజంతా ఇంట్లో కూర్చున్న మనిషికి ఎంత చక్కటి జవాబు రాసి చూపిస్తారు? ఒకే షీట్‌లో పది 'డోర్ లాక్డ్'లు రెండు మూడు నిమిషాల తేడాతో పడ్డాయంటే సంగతి తెలిసినట్టే. అది సరిచెయ్యాల్సింది బ్రాంచిలో. అలాగే 'డెలివర్డ్' అని ఉండి పార్సెల్ అందకపోయినా, లోపలి వస్తువు పగిలినా, ఆ జవాబులో మొదటి లైనులోనే ఫోన్ నంబరు ఇవ్వండి. నంబరు దాచేస్తే ఫోన్లు తగ్గవు. బుకింగ్ కౌంటరుకో, పాత రసీదు మీద దొరికిన నంబరుకో వెళతాయి.

పేజీ పెట్టాక ఎంతమంది చూశారన్న లెక్క నాకు అక్కర్లేదు. ప్రతి 100 పార్సెళ్లకు ఒకే డాకెట్ మీద రెండోసారి వచ్చిన ఫోన్లెన్నో స్టేటస్ వారీగా చూడండి. 100కి ఎంత అని ఎందుకంటే, సీజన్‌లో పార్సెళ్లు పెరిగితే ఫోన్లు ఎలాగూ పెరుగుతాయి. పగటి ఫోన్లు తగ్గి ఎనిమిదింపావుకు గుంపుగా వస్తున్నాయంటే, ముందు ఆ 8 సరైనదో కాదో రన్‌షీట్లలో మళ్లీ చూడండి. తర్వాత 9 గంటలకు కనిపిస్తుందన్న లైను నిజంగా 9కి పడుతోందో లేదో ఒక రాత్రి మీరే ట్రాకింగ్ తెరిచి చూడండి.