ఒక గడికి ఒకే చేయి

అందరికీ నమస్కారం. ఈ తార్నాక హాలులో ఉన్నవాళ్లలో చాలామంది కాలనీ సంఘాల పని చూస్తున్నవారే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. నేను బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా లెడ్జర్లతో కాలం గడిపినవాణ్ణి. కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంటులో మూడు బ్లాకులు, 180 ఫ్లాట్లు ఉన్నాయి. వినాయక నిమజ్జనానికి ముందురోజు సాయంత్రం ఫ్లాటుకొక ప్రసాదం పొట్లం ఇస్తాం. మూడు చోట్ల బల్లలు వేస్తాం. ఎవరు ఏ బల్ల దగ్గరైనా తీసుకోవచ్చు. చిక్కంతా అక్కడే మొదలైంది.

మొదటి ఏడాది జాబితాను ఎక్సెల్ ఫైలుగా వాట్సాప్‌లో పంపాను. ముగ్గురూ తమ తమ ఫోన్లలో తెరిచి టిక్కులు పెట్టారు. రాత్రికి నా చేతికి మూడు వేర్వేరు జాబితాలు వచ్చాయి. తప్పు నాదే. అలా పంపిన ఫైలు ఎవరి ఫోనులో వారికి సొంత ప్రతి అయిపోతుంది.

మరుసటి ఏడాది గూగుల్ షీట్ పెట్టాను. అందరూ ఒకే కాగితం మీద రాస్తున్నట్టే కదా, ఇక బెంగ లేదనుకున్నాను. "ఇచ్చాం" అని ఒకే నిలువు వరుస, అందులో Insert మెనూ నుంచి Checkbox పెట్టెలు. ఆ సాయంత్రం ఒక ఫ్లాటుకు పొట్లం రెండుసార్లు వెళ్లింది. షీటులో చూస్తే ఆ ఫ్లాటుకు అసలు ఇవ్వనే లేదని ఉంది!

ఎందుకలా అయిందో వివరంగా చెబుతాను. గూగుల్ షీట్ మీ మార్పును పంపేటప్పుడు షీటు మొత్తాన్ని పంపదు, మీరు ముట్టుకున్న గడిని మాత్రమే పంపుతుంది. కాబట్టి నేను ఒక గడిలో, మీరు ఇంకో గడిలో ఒకే క్షణంలో రాసినా రెండూ నిలుస్తాయి. ఒకే గడిలో ఇద్దరం రాస్తే మాత్రం చివరగా చేరిందే నిలుస్తుంది. పైగా టిక్కు పెట్టె ఇంట్లో లైటు స్విచ్చు లాంటిది. మొదటి బల్ల ఆయన టిక్కు పెట్టారు. సరిగ్గా అప్పుడే మూడో బల్ల ఆవిడ కూడా అదే పెట్టె మీద వేలు వేశారు. ఆమె వేలు తాకేలోపే మొదటి టిక్కు ఆమె తెర మీదికి వచ్చేసింది. ఆమె నొక్కింది టిక్కు పెట్టడానికి, జరిగింది టిక్కు తీసేయడం.

బ్యాంకులో ఇద్దరు క్యాషియర్లకు ఒకే పుస్తకం ఇచ్చేవాళ్లం కాదు. ఎవరి కౌంటరు పుస్తకం వారిది, సాయంత్రం వాటిని కలిపి సరిచూసుకునేవాళ్లం. ఇక్కడా అదే చేశాను. A వరుసలో ఫ్లాటు నంబరు, B లో పేరు. D, E, F వరుసల్లో మూడు బల్లలకు విడివిడిగా టిక్కు పెట్టెలు. మధ్యలో ఉన్న C ని ఎవరూ ముట్టుకోరు, అది తనంతట తాను లెక్క చెబుతుంది. C2 గడిలో ఈ సూత్రం రాసి కిందికి C181 వరకు లాగాను:

```
=IF(COUNTIF(D2:F2,TRUE)=0,"",IF(COUNTIF(D2:F2,TRUE)=1,"ఇచ్చాం","రెండుసార్లు"))
```

టిక్కు ఉన్న పెట్టె విలువ TRUE, లేనిదాని విలువ FALSE. ఆ ఫ్లాటు అడ్డు వరుసలో ఎన్ని TRUE లు ఉన్నాయో సూత్రం లెక్కపెడుతుంది. బల్ల దగ్గర కూర్చున్నవారు ముందు C చూస్తారు. అది ఖాళీగా ఉంటే పొట్లం ఇచ్చి తమ వరుసలో టిక్కు పెడతారు.

ఇక తాళం సంగతి. D2 నుంచి D181 వరకు ఎంచుకుని Data మెనూలో Protect sheets and ranges తెరిచి, Set permissions లో మొదటి బల్ల మనిషి జీమెయిలు ఒక్కటే ఉంచాను. E, F లకు కూడా అలాగే చేశాను. A, B, C లను, పైనున్న శీర్షికల అడ్డు వరుసను నాకే ఉంచుకున్నాను. ఇది పనిచేయాలంటే షీటును ఆ ముగ్గురి జీమెయిళ్లకు పేరుపేరునా పంచాలి. "లింకు ఉన్నవాళ్లందరూ మార్చవచ్చు" అని వదిలేస్తే ఎవరు మార్చారో చరిత్రలో పేరుండకపోవచ్చు.

ఈ తాళంతో అనుకోకుండా ఇంకో మేలు జరిగింది. అంతకుముందు మా వాళ్లలో ఒకరు వెతకడానికి వీలుగా ఉంటుందని పేర్ల వరుసను మాత్రమే ఎంచుకుని అక్షరక్రమంలో పెట్టేశారు. పేర్లు కదిలాయి, టిక్కులు కదలలేదు. ఎవరి ప్రసాదం ఎవరి ఖాతాలో పడిందో ఆ వినాయకుడికే తెలియాలి. ఇప్పుడు తాళం వేసిన గడులను కదిలించబోతే షీటు ఒప్పుకోదు. అడ్డు వరుసలను తొలగించడమూ కుదరదు. ఫ్లాటు కనిపించకపోతే ఫోనులో Find and replace తెరిచి నంబరు కొట్టి వెతకమన్నాను. అయితే యజమానికి ఏ తాళమూ అడ్డు కాదు. కాబట్టి ఆ సాయంత్రం నేను కూడా క్రమం మార్చను. ఇంకా ఇవ్వనివాళ్లను మాత్రమే చూడాలంటే ల్యాప్‌టాప్‌లో Data మెనూ నుంచి filter view పెట్టుకుంటాను. అది పెట్టుకున్నవారికి మాత్రమే కనిపిస్తుంది. మామూలు ఫిల్టరు పెడితే అందరి తెరల మీదా అడ్డు వరుసలు మాయమవుతాయి.

రెండో బల్ల సెల్లారులో ఉంటుంది, అక్కడ సిగ్నలు సరిగా రాదు. ముందే ఆ ఫోనులో Make available offline నొక్కి ఉంచాం. సిగ్నలు పోయినప్పుడు పెట్టిన టిక్కులు ఫోనులోనే ఉండి, సిగ్నలు వచ్చాక షీటులోకి చేరతాయి. ఎవరి వరుస వారిదే కనుక ఆలస్యంగా వచ్చినా ఇంకొకరి టిక్కును చెరపవు. కానీ ఆ మధ్యలో ఆయనకు కనిపించే C పాతది, మిగతావారికి ఆయన టిక్కులు కనిపించవు. రెండుసార్లు ఇవ్వడాన్ని ఈ షీటు ఆపలేదు, జరిగాక చూపిస్తుంది, అంతే. అందుకే పావుగంటకోసారి ఆయన మెట్లెక్కి పైకి రావాలని నియమం పెట్టాం. ఆయన మోకాళ్ల నొప్పులతో నన్ను తిట్టుకున్నారనుకోండి, అది వేరే సంగతి.

ఏడున్నర దాటాక C-407 ఫ్లాటు వాళ్లు వచ్చి తమకు ఇంకా అందలేదన్నారు. షీటులో చూస్తే "ఇచ్చాం" అని ఉంది. ల్యాప్‌టాప్‌లో E వరుసలోని ఆ గడి మీద కుడి బటన్ నొక్కి Show edit history చూశాను. టిక్కు పెట్టినవారి పేరు, సమయం కనిపించాయి. ఆ బల్ల ఆయనకు ఫోను చేస్తే, ఆ సమయంలో తీసుకున్నది B-407 వాళ్లని గుర్తుచేసుకున్నారు. నంబరు ఒకటే, బ్లాకు వేరు. ఆయన చేతే ఒక టిక్కు తీయించి, రెండోది పెట్టించాం.

తొమ్మిదింటికి బల్లలు ఎత్తేశాక ఒక్కో వరుస కింద =COUNTIF(D2:D181,TRUE) లాంటి సూత్రం పెట్టి చూశాను. మూడు బల్లలవి 61, 54, 47, మొత్తం 162. చేయించినవి 180 పొట్లాలు, బుట్టలో 18 మిగిలాయి. ఇక్కడిదాకా లెక్క సరిపోయింది. కానీ C వరుసలో ఖాళీగా ఉన్న ఫ్లాట్లు 19. "రెండుసార్లు" అని ఒకచోట ఉంది. భార్య మొదటి బల్ల దగ్గర తీసుకున్నారు, ఆ సంగతి తెలియని భర్త సెల్లారులో కారు పెట్టి అక్కడే తీసుకున్నారు. బాకీ ఉన్న 19 ఫ్లాట్లలో ఒకటి మాదే. కాబట్టి మిగిలిన 18 పొట్లాలను 18 ఇళ్లకు పంపి, నేను ఉత్త చేతులతో ఇంటికి వెళ్లాను.