జీతం చీటీ, ఆఫర్ లెటర్: రెండు కాగితాల లెక్క
(అనంతపురంలో డిగ్రీ, బీటెక్ పూర్తి చేసిన యువతీ యువకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, నమస్కారం.

నేను ఖజానా శాఖలో జీతాల బిల్లులు చూస్తూ పదవీ విరమణ చేసినవాణ్ణి. ఉద్యోగం గురించి నాకు తెలిసింది చాలావరకు జీతం చీటీల ద్వారా తెలిసిందే. ఈ రోజు కూడా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి మాట్లాడతాను. ఒకటి గ్రామ సచివాలయంలో పనిచేస్తున్న ఒక అమ్మాయి జీతం చీటీ, రెండోది ఆమెకే బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్. బీటెక్ చదివింది. పేరు చెప్పను. లెక్క చెప్పడానికి మాత్రం ఆమె ఒప్పుకుంది.

సచివాలయ ఉద్యోగాల సంగతి మీకు తెలుసు. 2019 అక్టోబరులో నెలకు 15,000 రూపాయలతో మొదలయ్యాయి. రెండేళ్లకు పరిశీలన కాలం పూర్తవుతుందన్నారు. కొత్త స్కేలు అందింది మాత్రం 2022 జులై జీతం నుంచి. ఆమెకు 22,460 మూలవేతనంతో మొదలైంది. ఏడాదికో ఇంక్రిమెంటు కలిసి ఇప్పుడు 24,500 అయింది. దానిపై కరవు భత్యం సుమారు 9,000. ఊళ్లో ఇంటి అద్దె భత్యం పది శాతం, అంటే 2,450. మొత్తం 36,000 దాకా వస్తుంది. ఇందులో సీపీఎస్ పింఛను చందా, జీవిత బీమా, ఆరోగ్య పథకం, వృత్తి పన్ను పోగా చేతికి 31,000 పైచిలుకు మిగులుతుంది.

ఇక రెండో కాగితం. ఏడాదికి ఏడు లక్షల ఇరవై వేలు అని పెద్ద అక్షరాలతో ఉంది. నెలకు అరవై వేలన్నమాట, ఇంట్లో అందరి కళ్లూ దాని మీదే. ఆ అంకె కింద ఏముందో చూద్దాం. అందులో పది శాతం పనితీరును బట్టి ఇచ్చేది. అది ఏడాది చివర, కంపెనీ లాభం చూసుకుని ఇస్తారు, ఇవ్వకపోనూవచ్చు. అంటే నెలకు 6,000 పక్కన పెట్టాలి. మూలవేతనం 30,000. దానిపై యజమాని కట్టే భవిష్య నిధి 3,600, గ్రాట్యుటీ కోసమని చూపే 1,400 కూడా ఆ అరవై వేలలోనివే. ఆమె వాటా భవిష్య నిధి మరో 3,600. వృత్తి పన్ను 200. చివరికి ఖాతాలో పడేది 45,000 పైచిలుకు. ఈ ఆదాయానికి కొత్త విధానంలో ఇప్పుడు ఆదాయపు పన్ను పడదు, ఆ మేరకు నయం.

ముప్ఫై ఒకటికీ నలభై అయిదుకూ పద్నాలుగు వేల తేడా. అయితే ఆమె ఇప్పుడు సొంత ఇంట్లో ఉంది, ఖర్చల్లా పెట్రోలు మూడు వేలు. బెంగళూరులో భోజనంతో కలిపి హాస్టలుకు పన్నెండు వేలు, రోజూ తిరగడానికి, మధ్యాహ్నం బయట తినడానికి మూడు నాలుగు వేలు, నెలకు ఒకసారి ఇంటికి వచ్చి వెళ్లడానికి రెండు వేలు వేశాం. ఇవతల మిగిలేది 28,000, అవతల మిగిలేది దాదాపు 27,000. మొదటి ఏడాదికి రెండు ఉద్యోగాలూ ఒక్కటే!

ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది, వాళ్ల నాన్నగారు ఊపిరి పీల్చుకున్నారు. అయితే మొదటి ఏడాది సమానంగా ఉందని ఇక్కడే ఉండిపోవడం సరైన లెక్క కాదు. చూడవలసింది నాలుగో ఏడాది. సచివాలయంలో నాలుగేళ్ల తర్వాత ఆమె జీతం ఎంతో ఈ రోజే చెప్పగలను. ఏటా ఏడెనిమిది వందల ఇంక్రిమెంటు, దానితోపాటు కరవు భత్యం. ఆ భత్యం విడతలు కూడా సమయానికి రావు. వేతన సవరణ వస్తే ఒక మెట్టు ఎక్కుతుంది, కానీ అదెప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. పదకొండో వేతన సవరణ 2018 జులై నుంచి లెక్కలోకి వచ్చింది, కొత్త జీతాలు అందింది 2022లో. ప్రైవేటు వైపు నాలుగో ఏడాది ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఒకే రకమైన పని నేర్చుకుని మార్కెట్లో దానికి గిరాకీ ఉంటే జీతం రెట్టింపు కావచ్చు. ప్రాజెక్టు ఆగిపోయి మూడు నెలలు ఇంట్లో కూర్చోవచ్చు. రెండూ నేను చూశాను. అందుకే ఆఫర్ వచ్చినవాళ్లను జీతం గురించి కాదు, చేయబోయే పని గురించి అడుగుతాను. ఆ పనికి బెంగళూరులో మరో పది కంపెనీలు మనిషిని తీసుకుంటాయా? తీసుకుంటాయంటే ఉద్యోగం పోయినా బతుకు పోదు. ఆ ఒక్క కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే పని అయితే, జీతం ఎక్కువైనా నేను జంకుతాను.

ఇప్పుడు పింఛను దగ్గరకు వద్దాం. మన ఇళ్లలో వాదన గెలిచేది ఈ మాటే. ‘గవర్నమెంటు ఉద్యోగమైతే పింఛను ఉంటుంది’ అని తాతలు చెబుతారు. వాళ్లు చెబుతున్నది వాళ్లు అందుకుంటున్న పింఛను గురించి. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి అది లేదు. సీపీఎస్‌లో ఉద్యోగి జీతం నుంచి పది శాతం, ప్రభుత్వం నుంచి మరో పది శాతం ఖాతాలో పడుతుంది. ఈ అమ్మాయి విషయంలో రెండూ కలిపి నెలకు 6,700. విరమణ నాటికి ఎంత పోగైతే అంత. అందులో కనీసం నలభై శాతంతో నెలవారీ పింఛను కొనుక్కోవాలి, మిగతాది చేతికిస్తారు. ప్రైవేటులో ఆమె భవిష్య నిధి ఖాతాలో పడేది 7,200. అంటే పొదుపు విషయంలో రెండూ దాదాపు సమానం. సగం జీతానికి హామీ ఇచ్చే పింఛను చట్టం మన రాష్ట్రం 2023లో చేసింది కదా అంటారు. మీ పేరు మీద ఉత్తర్వు చేతికి వచ్చేదాకా దాన్ని లెక్కలో వేసుకోవద్దని నా సలహా.

సమానం అన్నాను గానీ ఒక తేడా ఉంది, అది మనిషి స్వభావంలో ఉంది. సీపీఎస్ డబ్బు తీయాలన్నా అంత సులువుగా రాదు. భవిష్య నిధి డబ్బు కంపెనీ మారినప్పుడల్లా తీసేసుకునేవాళ్లు ఎక్కువ. చెల్లెలి పెళ్లికో, బండికో తీస్తారు. పదేళ్ల తర్వాత ఖాతాలో ఏమీ ఉండదు. మరో సంగతి. 2014 సెప్టెంబరు తర్వాత తొలిసారి చేరి, మూలవేతనం 15,000 దాటినవారు భవిష్య నిధి సంస్థ ఇచ్చే ఈపీఎస్ పింఛనులోకి రారు. కాబట్టి ప్రైవేటుకు వెళ్లేవారికి ఆ నిధి ఒక్కటే ఆధారం, దాన్ని ముట్టుకోకూడదు.

ఈ అమ్మాయి లెక్కను తేల్చింది జీతమూ కాదు, పింఛనూ కాదు. వాళ్ల నాన్నగారికి మూత్రపిండాల జబ్బు. ఉద్యోగుల ఆరోగ్య పథకంలో నెలకు 225 రూపాయల చందాతో ఆమె మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం అందుతుంది. ఆసుపత్రులు బకాయిలు రాలేదని చేర్చుకోకుండా తిప్పి పంపే రోజులు కూడా ఉన్నాయి, అది దాచడం లేదు. అయినా కార్డు ఉంది. బెంగళూరు కంపెనీ బీమా ఉద్యోగికి మాత్రమే. తల్లిదండ్రులను చేర్చాలంటే ప్రీమియం విడిగా కట్టాలి, పైగా ఉద్యోగం మానేసిన రోజే ఆ బీమా ఆగిపోతుంది. ఇప్పటికే జబ్బు ఉన్న మనిషికి బయట కొత్త పాలసీ దొరకడం కష్టం. దానికి తోడు సర్వీసులో ఉండగా ప్రాణం పోతే కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం అవకాశం ఉంటుంది. ప్రైవేటులో భవిష్య నిధికి అనుబంధంగా ఏడు లక్షల వరకు బీమా ఉంది, చాలామంది వారసుల పేరు కూడా నమోదు చేయరు. మీరు ఎక్కడ చేరినా నామినీ పేరు ఆ వారంలోనే రాయించండి.

అయితే సెలవు పెట్టి వెళ్లి చూసి వస్తే సరిపోదా అని ఆమె అడిగింది. చాలామంది అడుగుతారు. జీతం లేని సెలవు పెట్టి, చెప్పకుండా ప్రైవేటులో చేరేవాళ్లున్నారు. ఈ పని చేయకండి. అనుమతి లేకుండా మరో ఉద్యోగం చేయడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధం. ఇప్పుడు దాచడం కూడా కుదరదు. భవిష్య నిధి యూఏఎన్ సంఖ్య ఆధార్‌తో ముడిపడి ఉంది, చేరిన తేదీ అందులో ఉంటుంది. పన్ను వివరాల్లో రెండు జీతాలూ కనిపిస్తాయి. కొత్త కంపెనీ కూడా పాత చోటు నుంచి విడుదల పత్రం అడుగుతుంది. అనుమతి లేకుండా ఏడాది మించి రాకపోతే రాజీనామా చేసినట్టే భావిస్తారు. రాజీనామా ఆమోదం పొందిందంటే వెనక్కి తీసుకోవడం ఉండదు. అంతకుముందు చేసిన సర్వీసు పోతుంది. మళ్లీ రావాలంటే అందరితోపాటు పరీక్ష రాయాలి.

ఆ పరీక్షలు ఎప్పుడొస్తాయి? ఇక్కడ ఉద్యోగం లేకుండా తయారవుతున్నవారూ వినాలి. డీఎస్సీ 2018లో వచ్చింది, 2024లో ఇచ్చిన ప్రకటన రద్దయి మళ్లీ 2025లో వచ్చింది. కానిస్టేబుల్ ప్రకటన 2022 నవంబరులో వస్తే తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. ప్రకటన కోసం ఎదురుచూసే ఆ ఏళ్లకు జీతం లేదు, అనుభవమూ లేదు. కంపెనీలు కొత్తవారిని తీసుకునేటప్పుడు ఆ ఏడాది, అంతకుముందు ఏడాది పాసైనవారినే అడుగుతాయి. మూడేళ్ల ఖాళీ తర్వాత ఆ తలుపు సగం మూసుకుంటుంది. నంద్యాలకు బ్యాంకు కోచింగ్ కోసం వెళ్లేవారి పరిస్థితి కొంత మెరుగు. ఐబీపీఎస్ ఏటా క్యాలెండరు ప్రకటించి పరీక్షలు పెడుతుంది, ఎన్నిసార్లు రాయగలరో ముందే లెక్క వేసుకోవచ్చు. క్యాలెండరు ఉన్న పరీక్షకు పూర్తికాలం చదవండి, రెండేళ్లు హద్దు పెట్టుకోండి. క్యాలెండరు లేని పరీక్షకు ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూనే చదవండి. దీన్ని నేను గట్టిగా చెబుతున్నాను. ముప్ఫై దాటాక ఖాళీ చేతులతో మా ఆఫీసు చుట్టూ పొరుగు సేవల ఉద్యోగాల కోసం తిరిగిన పిల్లల్ని చూశాను, వాళ్లు తెలివిలో ఎవరికీ తీసిపోరు.

ఆ అమ్మాయి ఆఫర్ వదులుకుంది. ఆమెతోపాటే పనిచేసే ఒక అబ్బాయికి దాదాపు అలాంటి ఆఫరే వచ్చింది. వాళ్ల నాన్నకు పదెకరాల చీనీ తోట ఉంది, ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు, వయసు ఇరవై ఏడు. నేర్చుకునే పనికి గిరాకీ ఉంది. ఆరు నెలల ఖర్చు, అంటే లక్షకు పైగా, విడిగా బ్యాంకులో వేసుకోమన్నాను. పనితీరును బట్టి ఇచ్చే ఆ పది శాతం ఏ షరతుపై ఇస్తారో, మానేయాలంటే ఎన్ని నెలల నోటీసు ఇవ్వాలో లిఖితపూర్వకంగా తెప్పించుకోమన్నాను. తొంభై రోజులని వచ్చింది. అంత గడువుంటే మరో కంపెనీ ఆగదేమోనని బేరమాడి అరవైకి తగ్గించుకున్నాడు. ఆ కాగితం చేతికి వచ్చాకే ఇక్కడ రాజీనామా ఇచ్చాడు, ఆమోదం వచ్చేదాకా రోజూ డ్యూటీకి వెళ్లాడు. ఆ కొత్త ఉద్యోగానికి వెళ్లడమే సరైనదని అతనికి చెప్పింది నేనే.

ఇప్పుడు మీలో ఎవరి దగ్గరైనా ఆఫర్ లెటర్ గానీ, జీతం చీటీ గానీ ఉంటే ముందుకు తీసుకురండి. పేర్లు చదవకుండా అంకెలు మాత్రం బోర్డు మీద వేసి చూద్దాం.