రుద్దితే నొప్పి ఎందుకు తగ్గుతుంది?

శ్రోతలకు నమస్కారం.

చీకట్లో నడుస్తూ కాలి బొటనవేలిని మంచం కోడుకు కొట్టుకున్నామనుకోండి. ముందు చురుక్కుమంటుంది. ఎక్కడ తగిలిందో ఆ చురుకుతోనే తెలిసిపోతుంది. అది సద్దుమణిగీ మణగకముందే రెండో నొప్పి అందుకుంటుంది. ఇది మంటగా, సలుపుగా ఉంటుంది, వేలంతా పాకుతుంది, ఓ పట్టాన వదలదు. అప్పటికే వంగి వేలు పట్టుకుని రుద్దుతూ ఉంటాం. రుద్దుతున్నంతసేపూ బాధ కాస్త తగ్గుతుంది. ఒకే దెబ్బకి రెండు నొప్పులు ఎందుకు వచ్చాయి, దెబ్బ అలాగే ఉండగా రుద్దితే ఎందుకు తగ్గింది? ఈ బొటనవేలినే పట్టుకుని పైదాకా వెళ్తే రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

చర్మంలో, కండరాల్లో, కీళ్ల చుట్టూ కొన్ని నరాల కొసలు ఏ తొడుగూ లేకుండా ఉంటాయి. వీటిని నోసిసెప్టర్లు అంటారు. మామూలు స్పర్శకి ఇవి స్పందించవు. కణజాలం చెడిపోయేంత ఒత్తిడి పడినా, ఉష్ణోగ్రత సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటినా, దెబ్బతిన్న కణాల నుంచి రసాయనాలు కారినా అప్పుడు మేలుకుంటాయి. ఆ రసాయనాల్లో ప్రోస్టాగ్లాండిన్లు ముఖ్యమైనవి. ఇవి నోసిసెప్టర్లు స్పందించే హద్దును కిందకి దించుతాయి. అందుకే దెబ్బ తగిలిన వేలికి కాసేపటి తర్వాత దుప్పటి తగిలినా నొప్పి పుడుతుంది. ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గిస్తాయి, అంటే అవి ప్రధానంగా వేలి దగ్గరే పని చేస్తున్నాయి. రుద్దడం పని చేసే చోటు వేరు.

వేలి నుంచి కబురు మోసే తంతువుల్లో మనకి కావలసినవి మూడు రకాలు. లావుగా, మయెలిన్ అనే కొవ్వు పొర దట్టంగా చుట్టుకుని ఉన్నవి ఎ-బీటా తంతువులు. ఇవి స్పర్శని, ఒత్తిడిని, కంపనాన్ని మోస్తాయి. సెకనుకి 50 మీటర్ల వేగం వీటికి మామూలు. సన్నగా, పలుచని మయెలిన్‌తో ఉన్నవి ఎ-డెల్టా. ఇవి సెకనుకి 15 మీటర్ల చొప్పున వెళ్తాయనుకుందాం. మయెలిన్ అసలే లేని, అన్నిటికంటే సన్నని సి తంతువులు సెకనుకి ఒక మీటరు దగ్గరే ఆగిపోతాయి.

పెద్దవాళ్లలో బొటనవేలి నుంచి వెన్నుపాములో దానికి సంబంధించిన భాగం దాకా సుమారు ఒక మీటరు దూరం. ఇప్పుడు లెక్క వేయండి. వేలికి ఏదో తగిలిందన్న స్పర్శ సెకనులో యాభయ్యో వంతులో వెన్నుపాముకి చేరుతుంది. ఎ-డెల్టా మోసే చురుకు పదిహేనో వంతులో వస్తుంది. సి తంతువులు మోసే మంటకి దాదాపు పూర్తి సెకను పడుతుంది. మనకి రెండు నొప్పులుగా తెలిసింది ఈ తేడానే. నుదుటికి దెబ్బ తగిలితే ఈ రెండూ విడివిడిగా తెలియకపోవడానికి కారణం కూడా ఇదే. అక్కడ దారి చిన్నది, తేడా మిగలదు.

మూడు రకాల తంతువులూ వీపు వైపు నుంచి వెన్నుపాములోకి ప్రవేశిస్తాయి. నొప్పి తంతువులు వెన్నుపాము లోపలి బూడిదరంగు భాగంలో, వెనక కొమ్ము అనే చోట ఆగి, అక్కడున్న తర్వాతి కణానికి గ్లుటమేట్ అనే రసాయనంతో కబురు అందిస్తాయి. సి తంతువుల్లో చాలావాటికి దీనితోపాటు సబ్‌స్టెన్స్ పి అనే మరో రసాయనం కూడా ఉంటుంది. దాని ప్రభావం నెమ్మదిగా మొదలై ఎక్కువసేపు నిలుస్తుంది. కబురు అందుకున్న కణాన్ని ప్రసార కణం అందాం. దాని తంతువు వెన్నుపాములోనే అవతలి పక్కకి దాటి, పైకి ఎక్కి, మెదడు నడుమనున్న థాలమస్‌కి చేరుతుంది. కుడికాలి నొప్పి ఎడమ మెదడుకి చేరడం ఈ దాటింపు వల్లే.

థాలమస్ నుంచి దారులు చీలతాయి. మెదడు పై పొర అయిన కార్టెక్స్‌లో స్పర్శని గుర్తించే పట్టీకి ఒక దారి వెళ్తుంది. దెబ్బ ఎక్కడ, ఎంత అన్నది తేల్చడంలో దాని పాత్ర పెద్దది. ఇన్సులా, సింగ్యులేట్ అనే ప్రాంతాలకి మరికొన్ని దారులు వెళ్తాయి. ఆ నొప్పి మనల్ని ఎంత బాధిస్తుందన్నది ఎక్కువగా వీటి చేతిలో ఉంది. నొప్పి అనే అనుభవాన్ని ఇలా చాలా ప్రాంతాలు కలిసి తయారుచేస్తాయి. మెదడులో నొప్పి కేంద్రం అంటూ ఒకే ఒక్క చోటు లేదు.

మళ్లీ వెనక కొమ్ము దగ్గరికి రావాలి. ఈ కథలో అసలు మలుపు అక్కడే ఉంది. 1965లో రోనాల్డ్ మెల్‌జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. నొప్పి కబురు వేలి నుంచి మెదడుకి నేరుగా, ఉన్నదున్నట్టుగా వెళ్లదనీ, వెన్నుపాములో ఒక గేటు ఉందనీ, అది ఎంత తెరుచుకుంటే అంత కబురే పైకి పోతుందనీ వాళ్లు చెప్పారు. గేట్ కంట్రోల్ సిద్ధాంతం అంటే ఇదే.

ఆ గేటు నిజానికి కొన్ని చిన్న నిరోధక కణాలు. వెనక కొమ్ము పై పొరల్లో, ప్రసార కణాల పక్కనే ఉంటాయి. గాబా, గ్లైసిన్ అనే రసాయనాలు విడుదల చేసి, చుట్టుపక్కల కణాల ఉద్రేకాన్ని తగ్గించడం వాటి పని. స్పర్శని మోసుకొచ్చే ఎ-బీటా తంతువు ప్రధాన శాఖని మెదడు వైపు పంపుతూనే, ఒక చిన్న కొమ్మని ఇక్కడికీ వేస్తుంది. వేలు రుద్దినప్పుడు ఆ కొమ్మ నిరోధక కణాలని ఉద్రేకపరుస్తుంది. అవి ప్రసార కణాన్ని అణచిపెడతాయి, నొప్పి తంతువు కొస నుంచి గ్లుటమేట్ విడుదలని కూడా తగ్గిస్తాయి. సి తంతువులు వేలి నుంచి అంతే కబురు పంపుతున్నా, ప్రసార కణం పైకి పంపేది తగ్గుతుంది.

స్పర్శ వేగంగా వెళ్లి నొప్పికంటే ముందే గేటు మూసేస్తుంది కాబట్టి రుద్దితే తగ్గుతుందని చాలాచోట్ల రాస్తుంటారు. అది సరికాదు. మనం వంగి వేలు పట్టుకునేసరికి మొదటి చురుకు ఎప్పుడో మెదడుకి చేరిపోయి ఉంటుంది, మంట కూడా బయల్దేరి ఉంటుంది. రుద్దడం ఉపయోగపడేది ఆ తర్వాత కూడా వస్తూనే ఉండే సి తంతువుల కబురు మీద. స్పర్శ ముందు చేరడం ఇక్కడ అంత ముఖ్యం కాదు. అది వెన్నుపాములో అదే అంతస్తుకి, అదే సమయంలో, ఆగకుండా చేరుతూ ఉండటం ముఖ్యం.

ఎలా రుద్దాలన్నది ఇందులోంచే తేలుతుంది. చెయ్యి కదులుతూ ఉండాలి. చర్మంలోని స్పర్శ గ్రాహకాల్లో చాలావరకు మార్పుకి స్పందించేవే, కదలకుండా నొక్కి పట్టుకుంటే క్షణాల్లోనే మౌనం వహిస్తాయి. రుద్దే చోటు దెబ్బకి దగ్గరగా ఉండాలి, ఎందుకంటే చర్మంలోని ఒక్కో ప్రాంతం వెన్నుపాములో ఒక్కో అంతస్తుకి చేరుతుంది. కుడి బొటనవేలికి దెబ్బ తగిలితే ఎడమ భుజం రుద్దడం వల్ల ఈ గేటు మూసుకోదు. సరిగ్గా దెబ్బ మీదే గట్టిగా నొక్కి రుద్దకూడదు కూడా, అప్పుడు నోసిసెప్టర్లనే మళ్లీ రెచ్చగొట్టినట్టవుతుంది. దాని చుట్టూ, పాదం పైభాగాన, హాయిగా అనిపించే ఒత్తిడితో రుద్దాలి. చెయ్యి తీశాక నొప్పి త్వరలోనే తిరిగి వస్తే కంగారు పడనక్కర్లేదు. స్పర్శ కబురు ఆగితే నిరోధక కణాల పని కూడా ఆగుతుంది, గేటు మళ్లీ తెరుచుకుంటుంది.

ఈ సూత్రం మీదే ఒక పరికరం వచ్చింది. 1967లో వాల్, విలియం స్వీట్ కలిసి చర్మపు నొప్పితో చాలాకాలంగా బాధపడుతున్న కొందరికి స్వల్ప విద్యుత్ స్పందనలు ఇచ్చి చూశారు, తాత్కాలికంగా ఉపశమనం కనిపించింది. ఈనాటి టెన్స్ యంత్రాలకి మూలం అలాంటి ప్రయత్నాలే. సాధారణ పద్ధతిలో సెకనుకి 80 నుంచి 100 స్పందనలు ఇస్తారు, జిమ్మనేంత తీవ్రత చాలు. లావు తంతువులు తక్కువ కరెంటుకే స్పందిస్తాయి, సన్నవాటికి ఎక్కువ కావాలి. అందుకే ఎక్కువ పెంచితే ఎక్కువ ఉపశమనం అనుకుని నొప్పి పుట్టేదాకా తిప్పితే ఎ-డెల్టా కూడా మేలుకుని ఫలితం తలకిందులవుతుంది. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా ఈ యంత్రం వాడకూడదు.

1965 నాటి చిత్రంలో అన్నీ నిలబడలేదు. సి తంతువులు నిరోధక కణాలని నేరుగా అణచివేస్తాయని అందులో గీశారు. తర్వాతి ప్రయోగాలు దాన్ని సమర్థించలేదు. వెనక కొమ్ములోని కణాల అల్లిక ఆ చిత్రం కంటే చాలా జటిలమని తేలింది. కానీ స్పర్శ నొప్పిని వెన్నుపాములోనే అణచగలదన్న మూల ఆలోచన నిలిచింది. దానికి బలమైన సాక్ష్యం ఒకటి ఉంది. ఎలుకల వెన్నుపాములో గాబా, గ్లైసిన్ల పనిని మందులతో అడ్డుకుంటే, వెంట్రుకని మెల్లగా కదిపినా అవి తీవ్రమైన నొప్పి పుట్టినట్టే ప్రవర్తిస్తాయి. గాయం లేదు, నోసిసెప్టరు మేలుకోలేదు. తీసేసింది గేటుని మాత్రమే.

మనుషుల్లో కొన్ని జబ్బుల్లో జరిగేది కూడా దీనికి దగ్గరే. నరం దెబ్బతిన్నాక, లేదా ఒంటి మీద సర్పి వచ్చి తగ్గాక, కొందరికి చొక్కా గుడ్డ తగిలినా నిప్పు తగిలినట్టుంటుంది. దీన్ని అలొడీనియా అంటారు. వెన్నుపాములో నిరోధం బలహీనపడి, స్పర్శ కబురు నొప్పి దారిలోకి చొరబడటం దీనికి ఒక ముఖ్య కారణం. అలాంటివారికి రుద్దడం ఉపశమనం ఇవ్వదు, బాధ పెంచుతుంది. దెబ్బ మానిన చోట కూడా తేలికపాటి స్పర్శే మంటగా అనిపిస్తుంటే, రుద్దడం ఆపి వైద్యుడికి చూపించాలి. ఆ నొప్పికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు, వాడే మందులు వేరు.

మొద్దుబారిన పాదం సంగతి కూడా చెప్పుకోవాలి. దీర్ఘకాలిక మధుమేహంలో స్పర్శ తంతువులు చెడిపోతే గేటు మూయడానికి రావలసిన కబురే రాదు. పాదం తిమ్మిరిగా ఉంటూనే రాత్రిళ్లు మండుతుంది. తిమ్మిరి, మంట రెండూ ఒకే పాదంలో ఉండటం విడ్డూరంగా తోచినా, పాడైపోయిన లావు తంతువులనీ, మిగిలిపోయి రెచ్చిపోతున్న సన్న తంతువులనీ కలిపి చూస్తే అర్థమవుతుంది.

ఎముక విరిగిందన్న అనుమానం ఉన్నచోట, పిక్క ఒక్కసారిగా వాచి నొప్పిగా, వెచ్చగా ఉన్నప్పుడు మాత్రం రుద్దవద్దు. విరిగిన ఎముక స్థానం తప్పవచ్చు. పిక్క వాపు లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చిందైతే, మర్దనా చేసినప్పుడు ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకి చేరే ప్రమాదం ఉంది. ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.